నాన్న పేరు పక్కన యముడు

*ద్వాదశాంశ చక్రంలో అమ్మానాన్నలను వెతికే వాళ్లు పెరిగారు. దాన్ని చదివే తీరు తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.*

మహాలయ పక్షం నడుస్తోంది. రాజమండ్రిలో గోదావరి గట్టుకు రెండు వీధుల అవతల ఒక పాత పెంకుటింటి అరుగు ఉదయం తొమ్మిదికే నిండిపోయింది. తిథి ఎప్పుడు పెట్టాలో అడగడానికి వచ్చినవాళ్లే ఎక్కువ. వాళ్ల మధ్య ముప్పై అయిదు దాటిన ఒకతను తల్లి పక్కన కూర్చుని ఫోన్ చేతిలో తిప్పుకుంటున్నాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తన వంతు రాగానే జ్యోతిష్యుడి ముందుకు జరిగి ఫోన్ చూపించాడు. జాతకం యాప్ పంపిన పీడీఎఫ్ అది. పదహారు చక్రాలు, వాటి కింద ఫలితాలు. అతను ఆగిన పేజీ ద్వాదశాంశది.

సూర్యుడు, కుంభం, అధిదేవత యముడు. చంద్రుడు, వృశ్చికం, నీచ, అధిదేవత యముడు. కింద ఎర్ర అక్షరాల్లో 'పితృ దోషం'.

"నాన్నకి మొన్న ఆషాఢంలో స్టెంట్ వేశారండీ. ఇందులో చూస్తే ఇద్దరికీ యముడే రాసుంది" అన్నాడు, తల్లికి వినబడకూడదని గొంతు తగ్గించి. ఆవిడకు వినబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దాయన ఫోన్ తీసుకుని చూశాడు. ఫలితం జోలికి పోలేదు. "పుట్టిన టైము ఎవరు చెప్పారమ్మా?" అని ఆవిడను అడిగాడు.

"ఆస్పత్రి చీటీలో తొమ్మిదిన్నర అని ఉందండీ. నర్సు గోడ గడియారం చూసి చెప్పింది. ఆ గడియారం కాస్త ముందు తిరిగేదని తర్వాత మా అత్తగారు అనేవారు."

పితృదోషాల గురించి ఏటా ఈ పదిహేను రోజుల్లో జరిగినంత చర్చ మిగతా ఏడాది జరగదు. భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య వరకు పితృదేవతలకు కేటాయించిన రోజులివి. పిఠాపురం పాదగయలో పిండప్రదానాలకు రద్దీ పెరుగుతుంది. ఫోన్లలో దోష నివారణ ప్రకటనలూ పెరుగుతాయి. ఇదివరకు జాతకం రాయించుకుంటే రాశి చక్రం, నవాంశ చక్రం, దశలు ఉండేవి. మిగతావి పండితుడు తనకు అవసరమైతే వేసుకునేవాడు. ఇప్పుడు మీట నొక్కితే షోడశ వర్గాలూ ఒకేసారి వచ్చి పడుతున్నాయి, చదివి చెప్పే మనిషి లేకుండా. అందులో పన్నెండో భాగపు చక్రం నేరుగా ఇంట్లోకి వస్తుంది. అమ్మ గురించి, నాన్న గురించి, వంశం గురించి ఏదో చెబుతానంటుంది. కాబట్టి దాన్ని తప్పుగా చదివితే తగిలే దెబ్బ కూడా ఇంట్లోవాళ్లకే.

ముక్క ఎంత, లెక్క ఎలా

రాశికి 30 డిగ్రీలు. దాన్ని పన్నెండు సమభాగాలు చేస్తే ఒక్కో భాగం రెండున్నర డిగ్రీలు. అదే ద్వాదశాంశ. గ్రహం ఎన్నో భాగంలో ఉందో చూసి, ఆ గ్రహం ఉన్న రాశి నుంచే అన్ని రాశులు లెక్కపెట్టాలి. మొదటి భాగంలో ఉంటే అదే రాశి, రెండో భాగంలో ఉంటే పక్క రాశి, పన్నెండో భాగంలో ఉంటే వెనక రాశి. నవాంశలో చర, స్థిర రాశులకు వేర్వేరుగా లెక్క మొదలవుతుంది. ఇక్కడ ఆ గొడవ లేదు.

ఈ కుర్రాడి జాతకంలో సూర్యుడు సింహంలో 17 డిగ్రీల 10 కళల దగ్గర ఉన్నాడు. పదిహేను నుంచి పదిహేడున్నర దాకా ఏడో భాగం. సింహం నుంచి ఏడు లెక్కపెడితే కుంభం. చంద్రుడు వృషభంలో, అతనూ సరిగ్గా 17 డిగ్రీల 10 కళల దగ్గరే. వృషభం నుంచి ఏడోది వృశ్చికం. యాప్ లెక్క తప్పలేదు.

మరి యముడు ఎక్కడి నుంచి వచ్చాడు? పన్నెండు భాగాలకూ పరాశర హోరాశాస్త్రం అధిదేవతలను చెప్పింది. గణేశుడు, అశ్వినీ దేవతలు, యముడు, సర్పం. ఈ నలుగురే మూడుసార్లు తిరిగి వస్తారు. మూడు, ఏడు, పదకొండు భాగాలు యముడివి. అంటే పుట్టిన ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి సూర్యుడు యమ భాగంలోనే ఉంటాడు. వాళ్లందరి తండ్రులకూ ప్రాణగండం ఉండాలంటే ఏ వీధిలోనూ తండ్రులు మిగలరు. పైగా యముడు ఇక్కడ ప్రాణాలు పట్టుకుపోయే భటుల యజమానిగా రాలేదు. యముడు ధర్మరాజు, పితృలోకానికి అధిపతి. మహాలయ తర్పణాల్లో పేరు తలచుకునే దేవుడే. తల్లిదండ్రుల చక్రంలో ఆయన ఉన్నాడంటే, ఆ బంధంలో ధర్మం, కట్టుబాటు, బాధ్యత ముందుకొస్తాయని సంప్రదాయజ్ఞులు అన్వయిస్తారు. లాలన పాలు కాస్త తగ్గి, క్రమశిక్షణ పాలు పెరుగుతుందని. యాప్ ఒక్క పేరు రాసి వదిలేసింది. ఆ పేరు చదివి కొడుకు వారం రోజులు నిద్రపోలేదు.

> ఇరవైలో రెండు
> వర్గ చక్రాలకు ఎంత విలువ ఇవ్వాలో చెప్పే విధానం పేరు వింశోపక బలం. మొత్తం 20 పాయింట్లు. ఆరు వర్గాల పద్ధతిలో రాశి చక్రానికి 6, నవాంశకు 5, ద్రేక్కాణానికి 4, హోరకు 2, ద్వాదశాంశకు 2, త్రింశాంశకు 1. అమ్మానాన్నల విషయంలో కూడా ద్వాదశాంశ తన కాళ్ల మీద తాను నిలబడే చక్రం కాదు. రాశి చక్రంలో నాలుగో ఇల్లు, తొమ్మిదో ఇల్లు, వాటి అధిపతులు, సూర్యచంద్రులను చూశాకే దీని దగ్గరకు రావాలి.

పది నిమిషాల లగ్నం

గడియారం గురించి పెద్దాయన మొదటే ఎందుకు అడిగాడో ఇప్పుడు చూద్దాం. ద్వాదశాంశ చక్రంలో అన్నిటికన్నా త్వరగా మారేది లగ్నం. తూర్పున ఒక డిగ్రీ ఉదయించడానికి సగటున నాలుగు నిమిషాలు పడుతుంది. రెండున్నర డిగ్రీలకు పది నిమిషాలు. ఆ పది నిమిషాలు దాటితే ద్వాదశాంశ లగ్నం మరో రాశికి వెళ్తుంది, పన్నెండు ఇళ్లూ ఒక్కొక్కటి జరుగుతాయి.

ఇతను తొమ్మిదిన్నరకు పుట్టాడనుకుంటే లగ్నం తులలో ఆరున్నర డిగ్రీలు, ద్వాదశాంశ లగ్నం ధనుస్సు. గడియారం పది నిమిషాలు ముందు తిరుగుతోందనుకుంటే అసలు సమయం 9.20. అప్పుడు తులలో నాలుగు డిగ్రీలు, ద్వాదశాంశ లగ్నం వృశ్చికం. నర్సు అయిదు నిమిషాలు ముందుగా రాసిందనుకుంటే అసలు సమయం 9.35. అప్పుడు మకరం. పావుగంటలో మూడు లగ్నాలు. ఒకదాంట్లో సూర్యుడు మూడో ఇంట, ఒకదాంట్లో నాలుగో ఇంట, ఇంకోదాంట్లో రెండో ఇంట. వీటిలో ఏదో ఒకటి పట్టుకుని 'తండ్రి స్థానం దెబ్బతింది' అని రాసేయడం ఎంత సాహసమో ఊహించుకోవచ్చు.

మన ఇళ్లలో పుట్టిన సమయాలు ఎలా వచ్చాయో అందరికీ తెలుసు. పాసింజరు బండి వెళ్లిన కాసేపటికి, రేడియోలో ప్రాంతీయ వార్తలు అవుతుండగా, పాలవాడు వచ్చి వెళ్లాక. ఆస్పత్రి చీటీల్లో కూడా సున్నాతోనో అయిదుతోనో ముగిసే నిమిషాలే ఎక్కువ కనబడతాయి. పైగా జన్మ క్షణం అంటే ఏది? తల బయటపడిన క్షణమా, బిడ్డ భూమిని తాకిన క్షణమా, బొడ్డు కోసిన క్షణమా అన్న చర్చ పాతదే. ఈ మూడింటి మధ్యే కొన్ని నిమిషాలు గడిచిపోతాయి.

అందుకే అనుభవజ్ఞులు సమయం మీద నమ్మకం కుదరనప్పుడు లగ్నాన్ని పక్కన పెట్టి సూర్యచంద్రుల నుంచి చదువుతారు. సూర్యుడు ఒక ద్వాదశాంశలో రెండున్నర రోజులు ఉంటాడు. చంద్రుడు దాదాపు నాలుగున్నర గంటలు ఉంటాడు. నర్సు గడియారం ఎటు తిరిగినా వీళ్లు అంత తేలిగ్గా కదలరు. అయితే సరిహద్దు చూసుకోవాలి. ఈ జాతకంలో చంద్రుడు ఏడో భాగం చివర్లో ఉన్నాడు, దాటడానికి 20 కళలే మిగిలాయి. పుట్టుక ముప్పావుగంట ఆలస్యమై ఉంటే నీచ చంద్రుడు ధనుస్సులోకి వెళ్లేవాడు, యముడి బదులు సర్పం వచ్చేది.

మరో మెలిక అయనాంశ. మన పంచాంగాలు, యాప్‌లు ఎక్కువగా వాడేది లాహిరి అయనాంశ. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పాటైన క్యాలెండర్ సంస్కరణ సంఘం సిఫారసులతో ప్రభుత్వ పంచాంగానికి ఆధారమైంది ఇదే. బెంగళూరుకు చెందిన బి.వి.రామన్ పద్ధతిని పాటించేవాళ్లూ దక్షిణాదిన చాలామంది ఉన్నారు. రెండింటి మధ్య తేడా దాదాపు ఒకటిన్నర డిగ్రీ. రాశి చక్రంలో అంతగా తెలియని ఈ తేడా, రెండున్నర డిగ్రీల ముక్కలో సగానికి మించిపోతుంది. ఇదే కుర్రాడి జాతకాన్ని రామన్ అయనాంశతో వేస్తే సూర్యుడు 18 డిగ్రీలు దాటి ఎనిమిదో భాగంలోకి వస్తాడు. ద్వాదశాంశలో మీనం, గురువు ఇల్లు. చంద్రుడు ధనుస్సు, అదీ గురువు ఇల్లే. నీచ లేదు, యముడు లేడు. అదే మనిషి, అదే అమ్మ, అదే నాన్న. నేనైతే ఒక్క మాట చెబుతాను. అయనాంశ మార్చగానే చెరిగిపోయే ఫలితాన్ని మనిషి ముఖం మీద చెప్పే హక్కు ఎవరికీ లేదు. రెండు పద్ధతుల్లోనూ నిలిచేదాన్నే గట్టిగా పట్టుకోవాలి.

కవలలకు తండ్రి ఒక్కడే

ఈ చక్రం అసలు దేన్ని చూపిస్తుందో అర్థం కావాలంటే కవలల దగ్గరకు వెళ్లాలి. పన్నెండు నిమిషాల తేడాతో ఇద్దరు పుట్టారనుకోండి. గ్రహాలన్నీ సాధారణంగా అవే భాగాల్లో ఉంటాయి, ద్వాదశాంశ లగ్నం మాత్రం మారిపోతుంది. ఒకరికి సూర్యుడు నాలుగో ఇంట, ఒకరికి మూడో ఇంట. ద్వాదశాంశ గనక నాన్న స్వభావాన్నీ నాన్న ఆయుష్షునూ చెప్పే చక్రమే అయితే ఈ ఇద్దరికీ ఇద్దరు నాన్నలు ఉండాలి. కవలల దాకా ఎందుకు, మామూలు అన్నదమ్ముల చక్రాల్లోనే సూర్యుడు ఒకరికి ఉచ్చలో, ఒకరికి నీచలో కనబడవచ్చు.

ఆ ఇంట్లో పిల్లలను విడివిడిగా కూర్చోబెట్టి నాన్న గురించి అడిగితే సంగతి తేటపడుతుంది. పెద్దవాడు చూసిన నాన్న వేరు. అప్పుడాయనకు కొత్త ఉద్యోగం, అప్పులు, చేతికి దొరికింది తీసుకుని కొట్టే కోపం. ఆఖరి పిల్ల చూసిన నాన్న వేరు. జుట్టు నెరిసి, ఇల్లు కట్టేసి, సాయంత్రం మిరపకాయ బజ్జీలు పట్టుకొచ్చే మనిషి. ఇద్దరూ చెప్పేది నిజమే. ద్వాదశాంశ చూపేది ఇలాంటి నిజాన్నే. నాన్న ఎలాంటివాడో చెప్పదు, ఈ బిడ్డకు నాన్న ఎలా అందాడో చెబుతుంది. వంశం విషయంలోనూ అంతే. తాతముత్తాతల చరిత్ర అందులో ఉండదు. వాళ్ల నుంచి ఈ మనిషి మోసుకొచ్చిన అలవాట్లు, భయాలు, పట్టుదలలు ఏ రూపంలో ఉన్నాయో సూచన ఉంటుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఈ చక్రం పేరుతో జరిగే అనర్థాల్లో చాలావరకు ఆగిపోతాయని నా గట్టి నమ్మకం.

> పగలు పుడితే, రాత్రి పుడితే
> సూర్యుడు తండ్రి, చంద్రుడు తల్లి అన్నది అందరికీ తెలిసిన సూత్రం. వరాహమిహిరుడి బృహజ్జాతకం ఇంకో మెట్టు చెప్పింది. పగలు పుట్టినవారికి సూర్యుడు తండ్రి, శుక్రుడు తల్లి. రాత్రి పుట్టినవారికి శని తండ్రి, చంద్రుడు తల్లి. మిగిలిన ఇద్దరూ పినతండ్రిని, తల్లి తోబుట్టువును సూచిస్తారు. రాత్రి పుట్టినవారి జాతకంలో శనిని చూడగానే 'తండ్రితో వైరం' అనేవాళ్లు ఈ సూత్రాన్ని మరచిపోతున్నారు. అక్కడ శనే నాన్న.

అరుగు మీద అసలు చదువు

మళ్లీ ఆ జాతకానికి వద్దాం. పెద్దాయన ముందు రాశి చక్రం వేశాడు. సూర్యుడు సొంత ఇల్లయిన సింహంలో, చంద్రుడు ఉచ్చ అయిన వృషభంలో. అమ్మానాన్నలు ఇద్దరూ సమాజంలో నిలదొక్కుకున్న మనుషులన్నమాట. తులా లగ్నానికి తొమ్మిదో ఇంటి అధిపతి బుధుడు. అతను కన్యలో ఉచ్చలోనే ఉన్నాడు గానీ, అది లగ్నానికి పన్నెండో ఇల్లు. నాలుగో ఇంటి అధిపతి శని మూడో ఇంట ఉన్నాడు, అంటే నాలుగో ఇంటికి పన్నెండు. పన్నెండు దూరాన్ని చెబుతుంది. తండ్రికి గౌరవం ఉంది, తల్లికి బలం ఉంది, ఇద్దరూ బిడ్డకు దూరంగా ఉన్నారు. ద్వాదశాంశకు రాకముందే రాశి చక్రం ఇంత చెప్పింది.

ద్వాదశాంశలో సూర్యుడు శని ఇల్లయిన కుంభంలో ఉన్నాడు. ఇక్కడితో ఆగితే 'తండ్రితో వైరం' అన్న యాప్ వాక్యం వస్తుంది. ఆగకూడదు. ఆ ఇంటి యజమాని ఎక్కడున్నాడో చూడాలి. శని రాశి చక్రంలో ధనుస్సులో రెండు డిగ్రీల దగ్గర ఉన్నాడు, మొదటి భాగమే కాబట్టి ద్వాదశాంశలోనూ ధనుస్సే. సూర్యుడి నుంచి లెక్కపెడితే పదకొండో ఇల్లు, లాభ స్థానం. పైగా గురువు ఇల్లు. నాన్న దగ్గర నుంచి వచ్చింది నియమంగా, దూరంగా వచ్చింది, చివరికి చదువుగా చేతికందింది.

చంద్రుడు నీచలో ఉన్నాడు. వృశ్చికానికి అధిపతి కుజుడు. ద్వాదశాంశలో కుజుడు కన్యలో గురువుతో కలిసి ఉన్నాడు. చంద్రుడి నుంచి అదీ పదకొండో ఇల్లే. పగటి పుట్టుక కాబట్టి శుక్రుడినీ చూశాడు. కర్కాటకంలో రెండు డిగ్రీల లోపే, ద్వాదశాంశలోనూ కర్కాటకమే. చంద్రుడి సొంత ఇల్లు. ప్రేమకు కొదవ లేదు, దగ్గర ఉండటమే కుదరలేదు.

పెద్దాయన ఇవన్నీ కాగితం మీద రాసుకున్నాడే గానీ వరసపెట్టి చెప్పలేదు. 'నీచ' అన్న మాట ఆ తల్లి ముందు నోట రానివ్వలేదు. "చిన్నప్పుడు ఎవరి దగ్గర పెరిగావు బాబూ?" అని మాత్రం అడిగాడు.

అమ్మమ్మ దగ్గర. తల్లికి టీచరు ఉద్యోగం, మొదటి పోస్టింగు రంపచోడవరం అవతల. రెండేళ్ల పిల్లాడిని అక్కడికి తీసుకెళ్లే ధైర్యం లేక పుట్టింట్లో వదిలి, శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం రాత్రి వెళ్లేది. తండ్రి ఇరిగేషన్‌లో ఇంజనీరు, బదిలీల మీద బదిలీలు. ఆరో తరగతిలో పిల్లాడిని హాస్టల్లో వేశాడు. నెలకోసారి వచ్చి ఫీజు కట్టి, మార్కుల కార్డు చూసి, "బాగా చదువుకో" అని వెళ్లేవాడు.

"ఒక్కసారి కూడా గేటు లోపలికి వచ్చి నా పక్కన కూర్చోలేదండీ" అన్నాడు కొడుకు.

తల్లి అప్పుడు నోరు విప్పింది. "లోపలికొస్తే వదిలి రాలేనని ఆయన గేటు దగ్గరే ఆగిపోయేవారు. బస్సులో ఇంటికొచ్చేదాకా మాట్లాడేవారు కాదు. నీకెప్పుడూ చెప్పలేదు."

శని ఇంట్లో సూర్యుడంటే ఏమిటో ఆ తల్లి చెప్పింది. 'వైరం' అన్న మాటలో ఆ గేటూ లేదు, ఆ బస్సూ లేదు. పెద్దాయన అడిగిన ప్రశ్నకు వేరే జవాబూ వచ్చే వీలుంది. అమ్మానాన్నల దగ్గరే పెరిగాను, ఏ లోటూ లేదు అని అతను అని ఉంటే, ఈ చక్రాన్ని అంతటితో మూసేయాల్సిందే తప్ప, చక్రంలో ఉంది కాబట్టి లోటు ఉండే తీరాలని వాదించకూడదు. అలా వాదించి, లేని గాయాన్ని తవ్వి చూపించిన పండితులూ ఉన్నారు. ఏ జాతక చక్రమైనా సూచన మాత్రమే ఇస్తుంది. దానికి సాక్ష్యం చెప్పాల్సింది బతికిన మనిషే.

స్టెంట్ సంగతికి ఆయన జవాబు రెండు ముక్కలు. నాన్న ఆరోగ్యం గురించి అడగాల్సింది గుండె డాక్టరును. జాతకమే చూడాలనుకుంటే నాన్న జాతకం తీసుకురావాలి. కొడుకు చక్రంలో తండ్రి ఆయుష్షు లెక్కపెట్టనని చెప్పేశాడు. పితృదోషానికి హోమం చేయించాలా అంటే, తాతగారి తిథి గుర్తుంటే ఆ రోజు నాన్న చేత తర్పణం వదిలించమన్నాడు, అంతే.

పుట్టగానే పడిన ముద్ర

అంశ చక్రాలు ఫోన్లలోకి రాకముందు నుంచే మన ఇళ్లలో తల్లిదండ్రుల గండాల లెక్క ఉంది. మూలా నక్షత్రం మొదటి పాదంలో పుడితే తండ్రికి, రెండో పాదమైతే తల్లికి గండమంటారు. ఆశ్లేషకు ఈ వరస తిరగబడుతుంది. రోహిణి అయితే మేనమామకు. శాంతి జరిగేదాకా తండ్రి బిడ్డను నేరుగా చూడకూడదని, ముందు నూనెలో నీడ చూడాలని ఆచారం. శాంతి చేయించి మరచిపోయే ఇళ్లలో ఇబ్బంది లేదు. మరచిపోని ఇళ్లు ఉన్నాయి.

మూల ఒకటో పాదంలో పుట్టిన ఒకావిడ నాకు తెలుసు, ఇప్పుడు యాభై దాటాయి. ఏడాది నిండకుండానే తండ్రి పోయాడు. తండ్రిని పొట్టన పెట్టుకుని పుట్టిందన్న మాట వింటూ పెరిగింది. మాట్లాడితే నానమ్మ, కొట్లాడితే అన్నలు, పెళ్లిచూపుల్లో పరాయివాళ్లు. మొన్నమొన్నటి దాకా తండ్రి ఫొటోకు దండ వేయడానికి ఆవిడ చెయ్యి వెళ్లేది కాదు. కూతురి జాతకం చూపించడానికి వెళ్లినప్పుడు ఒక పండితుడు ఆవిడ కథంతా విని ఒకే ప్రశ్న వేశాడట. "మీకన్నా ముందు ముగ్గురు పుట్టారు కదమ్మా, తండ్రి మరణం వాళ్లందరికీ జరిగింది కదా. వాళ్లలో ఎవరిది మూల?" ఎవరిదీ కాదు. నలుగురు పిల్లల తండ్రి పోతే, ఆ లెక్కను ఆఖరి పసిగుడ్డు ఖాతాలో ఎందుకు రాశారని అడిగాడు. ఇన్నేళ్లుగా ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడం వల్ల ఒక మనిషి బాల్యం మొత్తం పోయింది.

ఇప్పుడు యాప్‌లు ద్వాదశాంశతో ఇదే పని కొత్తగా మొదలుపెడుతున్నాయి. పుట్టి వారం కాని బిడ్డకు 'తండ్రికి అరిష్టం' అని కాగితం చేతిలో పెడుతున్నాయి.

నోటి దాకా వచ్చినా ఆపాల్సినవి

పాత గ్రంథాల్లో ఉన్న ప్రతి యోగమూ చెప్పాల్సిందే అనుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. బృహజ్జాతకంలోనే, బిడ్డ ఆ తండ్రికి పుట్టినవాడు కాడని చెప్పే యోగాలు కనబడతాయి. ద్వాదశాంశలో సూర్యుడి మీద రాహువు నీడ చూసి అదే మాట అనేసే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పది నిమిషాలకు మారిపోయే చక్రాన్ని చూసి ఒక స్త్రీ శీలం మీద మాట వేయడం జ్యోతిషం కాదు, దౌర్జన్యం. అలాంటి మాట విన్నవాళ్లు అక్కడి నుంచి లేచి వచ్చేయడమే మంచిది.

తల్లిదండ్రుల మరణ కాలం కూడా అలాంటిదే. ఏ దశలోనో ఫలానా గ్రహం అంటూ కొడుక్కి ఏడాది చెప్పేస్తే, ఆ ఏడాది దాటేదాకా ఆ ఇంట్లో ఎవరూ ప్రశాంతంగా అన్నం తినరు. దాటిపోయాక చెప్పినవాడు వచ్చి క్షమాపణ అడగడు.

ఇంకో జాగ్రత్త ఉంది, దాని గురించి తక్కువ మంది మాట్లాడతారు. అందరి ఇళ్లలోనూ గేటు దగ్గర ఆగిపోయిన మంచి నాన్నలు ఉండరు. తాగొచ్చి కొట్టిన నాన్నలు, ఆడపిల్లని కాదనుకున్న అమ్మలు, వదిలేసి వెళ్లిపోయినవాళ్లు ఉంటారు. అలాంటి చోట పెరిగిన మనిషి వచ్చి చక్రం చూపించినప్పుడు, శుభ గ్రహాన్ని ఎక్కడో వెతికి పట్టుకుని 'మీ నాన్న మనసులో ప్రేమ ఉందమ్మా, వెళ్లి కాళ్లకు దండం పెట్టు' అనడం రెండో దెబ్బ. పడిన కష్టాన్ని కష్టమనే ఒప్పుకోవాలి. సంబంధం నిలుపుకోవాలా, దూరంగా ఉండాలా అన్నది ఆ మనిషి నిర్ణయం, గ్రహాలది కాదు. తల్లిదండ్రులను ఇటీవలే పోగొట్టుకున్నవాళ్ల విషయం మరీ సున్నితం. 'ముందే చూపించుకుని ఉంటే' అన్న మాట వాళ్ల దగ్గర ఎత్తకూడదు. ఎత్తితే వాళ్లు దాన్ని జీవితాంతం మోస్తారు.

దత్తత వెళ్లినవాళ్లు అడిగే ప్రశ్న మరొకటి. ఈ చక్రంలో ఉన్నది కన్నవాళ్లా, పెంచినవాళ్లా? పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. అనుభవాన్ని చూపే చక్రం అని ఒప్పుకుంటే జవాబు సులువు. పాలు పట్టినవాళ్లు, బడికి తీసుకెళ్లినవాళ్లు, జ్వరం వస్తే తెల్లవార్లూ కూర్చున్నవాళ్లే ఇందులో అమ్మానాన్నలు. అయితే దత్తత సంగతి అవతలి మనిషికి తెలుసో లేదో పండితుడికి తెలియదు. అందుకే చక్రంలో ఏం కనబడినా 'మీకు ఇద్దరు తల్లులున్నారు' లాంటి మాటలు తనంతట తాను అనకూడదు. అడిగితే, అడిగినంత మేరకే చెప్పాలి.

చూపించుకునేవాళ్లు అడగాల్సినవి

ఈ చక్రం చూపించుకోవాలనుకుంటే ముందుగా మూడు సంగతులు తేల్చుకోవాలి. పుట్టిన సమయం ఎవరు రాశారు, ఏ గడియారం చూసి రాశారు? జాతకం ఏ అయనాంశతో వేశారు? సూర్యుడూ చంద్రుడూ భాగం సరిహద్దుకు ఎన్ని కళల దూరంలో ఉన్నారు? చివరి దానికి పండితుడు జవాబు చెప్పలేకపోతే ద్వాదశాంశ జోలికి వెళ్లవద్దని మర్యాదగా చెప్పవచ్చు. జగన్నాథ హోరా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లో అయనాంశ మార్చి చూసుకునే వీలుంది. రెండు రకాలుగా వేసి చూస్తే, ఏది మారుతోందో ఏది నిలుస్తోందో ఎవరికి వారే తెలుసుకోవచ్చు.

తల్లిదండ్రులను పక్కన కూర్చోబెట్టుకుని ఈ చక్రం చదివించుకోవాలా వద్దా అన్నది ఆలోచించి తేల్చుకోవాల్సిన విషయం. రాజమండ్రి అరుగు మీద తల్లి ఉండటం మేలే చేసింది, అదీ పెద్దాయన నోరు కట్టుకున్నాడు కాబట్టి. మరొకరైతే 'నీచ చంద్రుడు, తల్లి సుఖం లేదు' అని ఆవిడ ముఖం మీదే అనేసేవారు. రంపచోడవరం నుంచి ప్రతి శనివారం బస్సెక్కి వచ్చిన మనిషి ఆ మాట విని ఏమైపోవాలి? అందుకే మొదటిసారి ఒక్కరే వెళ్లడం మంచిది.

ఇక ఇప్పుడు పుట్టే పిల్లల సంగతి. సమయం నిమిషంతో సహా ఫోన్‌లో చూసి రాసి పెట్టుకోండి, మీరు చూసింది తల బయటపడిన సమయమా, ఏడుపు విన్న సమయమా అన్నది కూడా పక్కనే రాయండి. జాతకం రాయించేటప్పుడు రాశి, నవాంశ, దశలు చాలని చెప్పండి. ద్వాదశాంశ ఆ బిడ్డ అనుభవానికి సంబంధించింది. ఆ అనుభవం ఇంకా మొదలే కాలేదు. పెద్దయ్యాక, అడగాలనిపిస్తే, ఆ అబ్బాయో అమ్మాయో తనే అడుగుతారు.